గ్రఫానాలో అలర్ట్ ఎవరో మార్చేశారు. ఎడిటర్ రోల్ ఉన్నవాళ్లను ఆపేదెలా?

కోల్డ్‌రూమ్_కాపలా

హన్మకొండలో చిన్న ఆఫీసు మాది. ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల ఆరు కోల్డ్ స్టోరేజీల టెంపరేచర్ మేమే చూస్తాం. అన్నిట్లో మిర్చి బస్తాలే. సెన్సార్లు, ప్రొమీథియస్, గ్రఫానా 10.4 అన్నీ ఒకే సర్వర్ మీద నడుస్తాయి. గ్రఫానా ఉచిత వెర్షన్.

శనివారం రాత్రి 11:40కి మూడో చాంబర్ కంప్రెసర్ ట్రిప్ అయింది. 1:30కి గది 10 డిగ్రీలు దాటింది. 10 దాటితే అలర్ట్ రావాలి, రాలేదు. పొద్దున 6కి ఆపరేటర్ తలుపు తీస్తే లోపల 17. సరుకు పాడవలేదు గానీ ఓనర్ అన్న మాటలు ఇక్కడ రాయలేను.

రూల్ తెరిచి చూశాను. త్రెషోల్డ్ 10 అలాగే ఉంది. కాంటాక్ట్ పాయింట్ బాగానే ఉంది, టెస్ట్ నొక్కితే టెలిగ్రామ్‌కు మెసేజ్ వస్తోంది. గంటసేపు తల పట్టుకున్నాక కనబడింది. పెండింగ్ పీరియడ్ 10 నిమిషాలు ఉండాల్సింది 8 గంటలు అయి కూర్చుంది. అంటే 1:30కి దాటిన గది పొద్దున 9:30 దాకా అలాగే ఉంటే తప్ప అలర్ట్ రాదన్నమాట.

మా దగ్గర 14 మందికి ఎడిటర్ రోల్ ఉంది. అడిగితే అందరూ "నేను కాదు" అంటున్నారు. డాష్‌బోర్డులు వాళ్లు మార్చుకోవాలి, అది వాళ్ల పని. అలర్టులు మాత్రం ముట్టుకోకూడదు. ఇది ఎట్లా చేయాలి? చేసినవాళ్లెవరో తెలిసే దారి ఏమైనా ఉందా?

నైట్‌షిఫ్ట్_రాజు

14 మందికి వేరువేరు లాగిన్లు ఉన్నాయా! మా ఆఫీసులో అందరం ఒకటే admin పాస్‌వర్డ్‌తో పోతాం. గోడ మీద రాసి ఉంటది.

భద్రకాళి_బండ్

వాట్సాప్ గ్రూప్ సెట్టింగ్స్‌లో "అడ్మిన్లు మాత్రమే" అని పెడితే ఎవరూ మార్చలేరు కదా. మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో అట్లనే చేసినం. నీళ్ల ట్యాంకర్ మెసేజ్ ఒక్క సెక్రటరీ మాత్రమే పెడతాడు.

నైట్‌షిఫ్ట్_రాజు

@భద్రకాళి_బండ్ అన్నా, ఇది ఆ అడ్మిన్ కాదు 😄

కాజీపేట_జంక్షన్

సింపుల్. 14 మందినీ వ్యూయర్ చేయండి. తర్వాత grafana.ini లో ఇది పెట్టండి:

```
[users]
viewers_can_edit = true
```

వ్యూయర్లు డాష్‌బోర్డులు ఎడిట్ చేసుకుంటారు, అలర్టులు ముట్టుకోలేరు. ఐదు నిమిషాల పని.

సర్వపిండి

@కాజీపేట_జంక్షన్ చెప్పిన సెట్టింగ్ నిజమే గానీ, పేరు చూసి మోసపోయే సెట్టింగ్ అది. దాంతో వ్యూయర్ ప్యానెల్ తెరిచి క్వెరీ మార్చి చూసుకోగలడు, ఎక్స్‌ప్లోర్‌లోకి పోగలడు. సేవ్ మాత్రం చేయలేడు. పేజీ రిఫ్రెష్ చేస్తే మళ్లీ మొదటికే. రోజూ డాష్‌బోర్డులు మార్చేవాళ్లకు అది ఇస్తే మధ్యాహ్నానికల్లా నీ మీదికి వస్తారు.

అసలు సంగతి ఏమిటంటే, ఉచిత వెర్షన్‌లో ఎడిటర్ అంటే "డాష్‌బోర్డులు మార్చేవాడు" అని మాత్రమే మనం అనుకుంటాం. గ్రఫానా అట్లా అనుకోదు. ఎడిటర్‌కు అలర్ట్ రూల్స్ రాసే హక్కు ఉంది. కాంటాక్ట్ పాయింట్లు, నోటిఫికేషన్ పాలసీలు, సైలెన్సులు మార్చే హక్కు కూడా ఉంది. "ఈ మనిషికి డాష్‌బోర్డులు మాత్రమే, అలర్టులు వద్దు" అని ఒక్కో పనికీ విడిగా రోల్ తయారు చేసుకునే సౌకర్యం డబ్బు కట్టే వెర్షన్లలోనే ఉంటుంది. మనకు మిగిలింది ఫోల్డర్లు.

కాజీపేట_జంక్షన్

సేవ్ కాదా? మా దగ్గర అందరూ వాడుతున్నారే... అంటే ఎవరూ సేవ్ నొక్కలేదేమో ఇన్నాళ్లూ. సరే ఒప్పుకుంటున్నా.

అయితే ఫోల్డర్ పర్మిషన్ పెడితే అయిపోయింది కదా. అలర్టులున్న ఫోల్డర్ తెరిచి, Folder actions → Manage permissions లోకి పోయి, Editor రోల్‌ను Edit నుంచి View కు దించితే చాలు. మిగతావన్నీ అట్లనే ఉంటాయి.

కరీంనగర్_కేబుల్

చాలదు. మేం సరిగ్గా అదే చేసి మునిగాం.

మాది ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే ఆఫీసు. ఫోల్డర్ గట్టిగా లాక్ చేశాం, రూల్స్ ఎవరూ ముట్టుకోలేదు. ఒక కుర్రాడు టెలిగ్రామ్ బాట్ పని చేస్తోందో లేదో చూద్దామని కాంటాక్ట్ పాయింట్ తెరిచి, గ్రూప్ చాట్ ఐడీ తీసి తన సొంత చాట్ ఐడీ పెట్టాడు. టెస్ట్ నొక్కాడు, మెసేజ్ వచ్చింది, సంతోషం. సేవ్ చేసేసి మర్చిపోయాడు. ఆ వారమంతా లింక్ డౌన్ అలర్టులన్నీ అతని ఒక్కడి ఫోన్‌కే పోయాయి. అతను అప్పుడు లీవులో ఉన్నాడు, మేడారం జాతరలో. అక్కడ సిగ్నల్ ఎట్లుంటదో తెలుసు కదా.

రూల్స్ పేజీలో చూస్తే అన్నీ ఫైరింగ్ అని ఎర్రగా కనబడుతున్నాయి. మా గ్రూప్‌లో మాత్రం నిశ్శబ్దం. కాంటాక్ట్ పాయింట్ మీద అనుమానం రావడానికి నాలుగు రోజులు పట్టింది.

నైట్‌షిఫ్ట్_రాజు

బెల్లంతో పాటు అలర్టులు కూడా అమ్మవార్లకు సమర్పించాడన్నమాట.

సర్వపిండి

@కరీంనగర్_కేబుల్ చెప్పిందే ఇక్కడ అసలు చిక్కు. ఫోల్డర్ తాళం రూల్స్‌కు మాత్రమే పని చేస్తుంది. కాంటాక్ట్ పాయింట్లు, నోటిఫికేషన్ పాలసీలు ఏ ఫోల్డర్‌లోనూ ఉండవు. ఒక ఆర్గనైజేషన్ మొత్తానికి అవి ఒక్కచోటే ఉంటాయి. కాబట్టి ఎడిటర్ రోల్ ఉన్నంతకాలం ఫోల్డర్‌కు ఎన్ని తాళాలేసినా అలర్ట్ ఎక్కడికి పోవాలో వాళ్లు మార్చేయగలరు.

అందుకే తిరగేసి చేయాలి. ఎడిటర్‌ను కిందికి లాగడం కాదు, వ్యూయర్‌ను అవసరమైన చోట మాత్రమే పైకి ఎత్తాలి. ఆర్గనైజేషన్ స్థాయిలో అందరూ వ్యూయర్లే. తర్వాత ఒక టీమ్ చేసి, డాష్‌బోర్డులున్న ఫోల్డర్ మీద ఆ టీమ్‌కు Edit ఇవ్వు. వ్యూయర్ అయినా ఆ ఫోల్డర్‌లోని డాష్‌బోర్డులు మార్చగలడు, సేవ్ చేయగలడు. కాంటాక్ట్ పాయింట్లను, పాలసీలను చూడగలడు, మార్చలేడు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఫోల్డర్ మీద Edit ఇస్తే డాష్‌బోర్డులతో పాటు ఆ ఫోల్డర్‌లోని అలర్ట్ రూల్స్‌కు కూడా హక్కు వస్తుంది. రెండిటినీ గ్రఫానా విడదీయదు. కాబట్టి డాష్‌బోర్డులకు ఒక ఫోల్డర్, రూల్స్‌కు ఇంకో ఫోల్డర్ పెట్టుకోవాలి. @కోల్డ్‌రూమ్_కాపలా, మీ దగ్గర రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయా?

కోల్డ్‌రూమ్_కాపలా

అవునక్కా, Cold Storage అని ఒకటే ఫోల్డర్. డాష్‌బోర్డులు 9, రూల్స్ 31, అన్నీ అందులోనే.

సర్వపిండి

అయితే రూల్స్‌ను వేరే ఫోల్డర్‌లోకి మార్చాలి. తొందరపడి 31 ఒక్కసారే మార్చకు, ముందు ఒక్కటి మార్చి చూడు. ఫోల్డర్ లోపల ఇంకో ఫోల్డర్ పెట్టి "లోపలిది మాత్రం గట్టిగా లాక్ చేస్తా" అనుకుంటారు కొందరు. అది కుదరదు. పై ఫోల్డర్‌లో ఇచ్చిన పర్మిషన్ లోపలికి దిగుతుంది, లోపల దాన్ని తగ్గించలేవు. రూల్స్ ఫోల్డర్ పక్కన విడిగా, పై స్థాయిలోనే ఉండాలి.

పాత_సర్వర్

ఇంత తిప్పలెందుకు? రెండు ఆర్గనైజేషన్లు చేయండి. అలర్టులు ఒకదాంట్లో, డాష్‌బోర్డులు ఇంకోదాంట్లో. మేం ఐదేళ్ల కింద అట్లనే చేసినం.

సర్వపిండి

చేయొచ్చు సార్, పని చేస్తుంది. కాకపోతే డేటా సోర్సులు రెండుచోట్లా పెట్టుకోవాలి. అలర్ట్ నుంచి డాష్‌బోర్డు ప్యానెల్‌కు లింకు ఉండదు. 14 మంది ఉన్న ఆఫీసుకు అది ఎక్కువేనని నా అభిప్రాయం.

పాత_సర్వర్

మీ ఇష్టం. మాది ఇంకా నడుస్తూనే ఉంది.

గోదావరిఖని_బొగ్గు

ఎవరూ అడగని ప్రశ్న నేనడుగుతా. 8 గంటలు ఎందుకు పెట్టాడు? పిచ్చిపట్టి పెట్టడు కదా. నేను పదేళ్లు రాత్రి డ్యూటీలు చేశా. రాత్రి రెండింటికి ఫోన్ మోగి, లేచి చూస్తే ఏమీ లేకపోతే, అట్లా మూడు రాత్రులు అయితే, నాలుగో రాత్రి నేనైనా ఏదో ఒకటి తిప్పేస్తా. తాళాలు వేయడం కాదు, ముందు ఆ అలర్ట్ సరిగ్గా ఉందో లేదో చూడండి.

కాజీపేట_జంక్షన్

@గోదావరిఖని_బొగ్గు అట్లయితే చెప్పాలి కదా, మార్చేసి మాట్లాడకుండా కూర్చుంటే ఎట్లా? 17 డిగ్రీల దాకా పోయింది.

గోదావరిఖని_బొగ్గు

ఎవరికి చెప్పాలి? రాత్రి రెండింటికి మేనేజర్ ఫోన్ ఎత్తుతాడా?

కోల్డ్‌రూమ్_కాపలా

ఫోన్ ఎత్తేవాణ్ని నేనే, ఆ రాత్రి నాకెవరూ చేయలేదు 🙂 కానీ మీ ప్రశ్న నాకూ కొట్టింది. అసలు ఎప్పుడు మారిందో తెలిస్తే కారణం దొరుకుతుంది. డాష్‌బోర్డులకైతే వెర్షన్లు కనబడతాయి, రూల్‌కు 10.4లో అట్లాంటిది కనబడట్లేదు.

సర్వపిండి

స్క్రీన్ మీద కనబడదు గానీ డేటాబేస్‌లో ఉంటుంది. రూల్ సేవ్ చేసిన ప్రతిసారీ alert_rule_version అనే టేబుల్‌లో ఒక వరుస చేరుతుంది. మీది డిఫాల్ట్ ఎస్‌క్యూలైట్ అయితే ఆ ఫైల్‌ను ముందు కాపీ చేసుకో, నడుస్తున్న దాని మీద ప్రయోగాలు వద్దు. కాపీ మీద ఇది నడుపు:

```
SELECT version, created, "for"
FROM alert_rule_version
WHERE title = 'Chamber 3 temp high'
ORDER BY version;
```

పేరు నీ రూల్‌ది పెట్టుకో. "for" చుట్టూ కొటేషన్లు ఉండాలి, అది ఎస్‌క్యూఎల్ వాళ్ల మాట కూడా. అందులో అంకె చాలా పెద్దగా ఉంటుంది, భయపడకు, నానోసెకన్లలో రాస్తుంది. 10 నిమిషాలంటే 600000000000.

ఎప్పుడు మారిందో తెలుస్తుంది, ఎవరు మార్చారో నీ వెర్షన్‌లో ఈ టేబుల్ చెప్పదు. గ్రఫానా ముందు ఎన్‌జిన్‌ఎక్స్ లాంటిది ఉంటే దాని యాక్సెస్ లాగ్‌లో ఆ సమయానికి ఏ ఐపీ నుంచి వచ్చారో చూడొచ్చు. ఇక ముందు కోసమైతే grafana.ini లో [server] కింద router_logging = true పెట్టు. అప్పుడు ప్రతి రిక్వెస్ట్‌తో పాటు యూజర్ పేరు కూడా లాగ్‌లో పడుతుంది. లాగ్ ఫైల్ మాత్రం బాగా లావెక్కుతుంది.

కరీంనగర్_కేబుల్

@కోల్డ్‌రూమ్_కాపలా ఇంకో మాట. గూగుల్ లాగిన్ లాంటిది పెట్టారా? మేం అందరినీ వ్యూయర్ చేశాక మర్నాడు చూస్తే సగం మంది మళ్లీ ఎడిటర్లు. వాళ్లు లాగిన్ అయినప్పుడల్లా బయటి నుంచి వచ్చే రోల్ మన రోల్ మీద కూర్చుంటోంది. చేత్తో మార్చిందేదీ నిలవలేదు. రోల్ ఎక్కడి నుంచి వస్తుందో అక్కడే మార్చాలి, లేదంటే ఆ లాగిన్ సెక్షన్‌లో skip_org_role_sync = true పెట్టాలి.

కోల్డ్‌రూమ్_కాపలా

లేదన్నా, మావి మామూలు యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌లే. ఆ బాధ లేదు.

కోల్డ్‌రూమ్_కాపలా

దొరికింది. నాలుగు వరుసలొచ్చాయి. నాలుగో దాంట్లో "for" 28800000000000, అంటే 8 గంటలు. దాని ముందు వరుసలో 10 నిమిషాలే ఉంది. టైమ్ 20:44 అని ఉంటే సాయంత్రం అనుకుని ఆ షిఫ్ట్ వాళ్లను అనవసరంగా అడిగాను. తర్వాత వెలిగింది, అది యూటీసీ. మన టైమ్‌లో రాత్రి 2:14. పదకొండు రోజుల కింద.

ఆ రాత్రి డ్యూటీలో ఇద్దరే. ఇద్దరినీ టీకి తీసుకుపోయి మెల్లగా అడిగాను. ఒకతను ఒప్పుకున్నాడు. కారణం @గోదావరిఖని_బొగ్గు అన్నదే. మూడో చాంబర్‌లో రాత్రిపూట డీఫ్రాస్ట్ నడుస్తుంది. కాయిల్స్ మీద మంచు కరిగించడానికి 25 నుంచి 30 నిమిషాలు కూలింగ్ ఆగుతుంది. మా సెన్సార్ సరిగ్గా ఆ యూనిట్ ఎదురుగానే వేలాడుతోంది. గది మొత్తం 7 డిగ్రీలున్నా సెన్సార్ దగ్గర 11 దాకా ఎగబాకుతుంది. పెండింగ్ 10 నిమిషాలే కాబట్టి ప్రతి డీఫ్రాస్ట్‌కూ అలర్ట్. రాత్రికి రెండుసార్లు లేస్తున్నాడట. పొద్దున దిగేటప్పుడు మళ్లీ 10 చేద్దామనుకున్నాడు, మర్చిపోయాడు.

గోదావరిఖని_బొగ్గు

నేను చెప్పలే?

కాజీపేట_జంక్షన్

సరే సరే, మార్కులు మీకే. అయినా తాళం కావాల్సిందే.

నైట్‌షిఫ్ట్_రాజు

పాపం, నిద్రపోనివ్వండి వాణ్ని. నేనైతే రూల్ మొత్తం డిలీట్ చేసేవాణ్ని.

సర్వపిండి

@కోల్డ్‌రూమ్_కాపలా అంటే 10 నిమిషాలు మొదటి నుంచీ తప్పు అంకె. డీఫ్రాస్ట్ 30 నిమిషాలైతే, అది ఆగాక గది చల్లబడడానికి ఇంకో పది పదిహేను పడుతుంది. పెండింగ్ 45 నిమిషాలు పెట్టు. శనివారం లాంటిదే మళ్లీ జరిగితే 1:30కి దాటింది 2:15కు మోగుతుంది. పొద్దున 6 దాకా ఆగదు. డీఫ్రాస్ట్‌కు మాత్రం మోగదు. సెన్సార్‌ను ఆ గాలికి దూరంగా, బస్తాల మధ్యకు జరిపితే ఇంకా మంచిది. అది గ్రఫానా పని కాదు, నిచ్చెన పని.

దీనితో పాటు అదే గదికి రెండో రూల్ ఒకటి ఉంచుకో. 14 దాటితే, పెండింగ్ 5 నిమిషాలు. డీఫ్రాస్ట్‌లో సెన్సార్ 14 చూడదు కాబట్టి అది ఊరికే మోగదు.

కోల్డ్‌రూమ్_కాపలా

రెండూ పెడుతున్నా. సెన్సార్ సంగతి ఓనర్‌కు చెప్పా. లోపల రాక్‌ల మీదికి ఎక్కడానికి హమాలీలు ఒప్పుకోవట్లేదట, సీజన్ అయ్యాక చూద్దామన్నాడు.

ఇక తాళం పని. ఇవాళ Cold Storage Alerts అని పై స్థాయిలో కొత్త ఫోల్డర్ చేశాను. అందులో Editor రోల్ లైన్ తీసేసి, ఇద్దరున్న ఒక టీమ్‌కు మాత్రం Edit ఇచ్చాను. అక్క చెప్పినట్టు ఒక్క రూల్‌నే మార్చి, టెస్ట్ కోసం త్రెషోల్డ్ 3కి దించాను. రూల్ ఫైరింగ్ అయింది, కానీ టెలిగ్రామ్‌కు ఏమీ రాలేదు. ఏదో పోగొట్టానా?

సర్వపిండి

పాలసీలో మ్యాచర్ ఏముందో చూడు. grafana_folder అని ఉందా?

కోల్డ్‌రూమ్_కాపలా

ఉంది! ఇట్లా ఉంది:

```
grafana_folder = Cold Storage
```

సర్వపిండి

అదే. ప్రతి రూల్‌కూ అది ఉన్న ఫోల్డర్ పేరును గ్రఫానా లేబుల్‌గా తగిలిస్తుంది. నువ్వు ఫోల్డర్ మార్చగానే ఆ లేబుల్ Cold Storage Alerts అయింది, పాలసీకి అందలేదు, జారి డిఫాల్ట్ పాలసీలో పడింది. డిఫాల్ట్‌లో grafana-default-email అని ఉంటే ఆ మెయిల్ ఎవరికీ పోదు, దాన్ని ఎవరూ సరిచేసి ఉండరు. 31 ఒకేసారి మార్చి ఉంటే 31 మూగబోయేవి. బయటికి అంతా పచ్చగా, ప్రశాంతంగా కనబడేది.

ఫోల్డర్ పేరు మీద ఆధారపడే మ్యాచర్ వద్దు. రూల్స్‌కు సొంత లేబుల్ పెట్టు, site = enumamula లాంటిది. పాలసీని ఆ లేబుల్ మీద కట్టు. ముందు రూల్స్‌కు లేబుల్, తర్వాత పాలసీ, ఆ తర్వాతే ఫోల్డర్ మార్పు. డిఫాల్ట్ పాలసీని కూడా నీ ఫోన్‌కు వచ్చేటట్టు చేసి పెట్టు. జారిపడినవి అక్కడ కనబడతాయి.

కరీంనగర్_కేబుల్

ఈ ముక్క ఎవరూ చెప్పరు. మా పాలసీలన్నీ ఫోల్డర్ పేర్ల మీదే ఉన్నాయి. రేపు పొద్దున చూడాలి. టెన్షన్ పెట్టారు.

పాత_సర్వర్

ఫైల్ ప్రొవిజనింగ్ గురించి ఎవరూ అనలేదు. రూల్‌ను యామల్ ఫైల్‌గా ఎగుమతి చేసి /etc/grafana/provisioning/alerting లో పెడితే స్క్రీన్ మీద Provisioned అని ముద్ర పడతది. తర్వాత అడ్మిన్ అయినా ఆ పేజీలో మార్చలేడు. మార్చాలంటే సర్వర్‌లోకి పోయి ఫైల్ మార్చి రీలోడ్ చేయాలి. అసలు తాళమంటే అది.

కోల్డ్‌రూమ్_కాపలా

సార్, అది అన్ని రూల్స్‌కూ చేయాలా?

పాత_సర్వర్

వద్దు. మనుషుల నిద్ర, సరుకు భద్రత రెండూ ఆధారపడిన నాలుగైదు రూల్స్‌కు చాలు. ఒక హెచ్చరిక. ఫైల్ తీసేస్తే రూల్ పోదు. పోవాలంటే deleteRules అని ఫైల్‌లో విడిగా రాయాలి. ఇంకొకటి, పాలసీలను ఫైల్‌లో పెడితే మొత్తం పాలసీల చెట్టు ఆ ఫైల్‌లో ఉన్నట్టే అవుతది, చేత్తో చేర్చుకున్న కొమ్మలు మాయమవుతయి. ఒక్క కొమ్మను మాత్రమే ఫైల్‌లో పెడదామనుకుని నేను ఒకసారి మిగతా చెట్టంతా నరుక్కున్నా.

గోదావరిఖని_బొగ్గు

ఫైల్‌లో పెట్టేస్తే రాత్రి రెండింటికి సర్వర్ లాగిన్ ఎవరికుంటది? కంప్రెసర్ రిపేర్‌కు తీశాం, రాత్రంతా అలర్ట్ మోగుతూనే ఉంటది అనుకో. అప్పుడేం చేయాలి?

సర్వపిండి

అప్పుడు రూల్ మార్చకూడదు, సైలెన్స్ పెట్టాలి. సైలెన్స్‌కు గడువు ఉంటుంది, ఆరు గంటలు పెడితే ఆరు గంటల తర్వాత దానంతట అదే పోతుంది, మర్చిపోయినా నష్టం లేదు. 8 గంటల పెండింగ్ పీరియడ్‌కు, 8 గంటల సైలెన్స్‌కు తేడా అదే.

గోదావరిఖని_బొగ్గు

బాగుంది. మరి వ్యూయర్ సైలెన్స్ పెట్టగలడా?

సర్వపిండి

... 10.4లో పెట్టలేడు. ఎడిటర్ కావాలి.

గోదావరిఖని_బొగ్గు

చూశారా. తిరిగి తిరిగి మళ్లీ రాత్రి డ్యూటీవాడి దగ్గరికే వచ్చాం.

కాజీపేట_జంక్షన్

రాత్రి షిఫ్ట్‌లో ఒక్కరికి ఎడిటర్ ఉంచేయండి. మిగతా అందరూ వ్యూయర్.

కరీంనగర్_కేబుల్

ఆ ఒక్కడు మేడారం పోతే? 😄

సర్వపిండి

ఒక్కరిని ఎడిటర్‌గా ఉంచితే కాంటాక్ట్ పాయింట్లు, పాలసీలు ఆ ఒక్కరి చేతిలో తెరిచే ఉంటాయి, అది తెలిసే చేయాలి. కాకపోతే రూల్స్ ఫోల్డర్‌లో Editor రోల్ లైన్ లేదు కాబట్టి రూల్స్ మాత్రం అతను మార్చలేడు. కాంటాక్ట్ పాయింట్‌ను, పాలసీలను ప్రొవిజన్ ఫైల్‌లో పెట్టేస్తే అవీ స్క్రీన్ మీద మారవు. అప్పుడు అతనికి మిగిలేది దాదాపు సైలెన్సులే. కొత్త ఫోల్డర్ సృష్టించుకోగలడు, దాంట్లో తన సొంత రూల్స్ రాసుకోగలడు. అది పెద్ద ప్రమాదం కాదు.

రోజూ ఒకే టైమ్‌కు జరిగే పనులైతే సైలెన్స్ కూడా అక్కర్లేదు, అడ్మిన్ ఒక మ్యూట్ టైమింగ్ రాసి పాలసీకి తగిలిస్తే చాలు. కానీ రాత్రి ఉన్నట్టుండి వచ్చే రిపేర్‌కు అది పనికిరాదు.

నైట్‌షిఫ్ట్_రాజు

స్క్రిప్టుల సంగతి కూడా చూసుకోండి. మా దగ్గర ఎప్పుడో ఎవరో సర్వీస్ అకౌంట్ టోకెన్ ఒకటి ఎడిటర్ రోల్‌తో చేసి ఒక పైథాన్ ఫైల్‌లో పెట్టారు. మనుషులందర్నీ వ్యూయర్ చేసినా ఆ టోకెన్ మాత్రం దర్జాగా తిరుగుతుంటది. గోడ మీద పాస్‌వర్డ్ ఉన్నవాణ్ని చెప్తున్నానని నవ్వకండి.

కోల్డ్‌రూమ్_కాపలా

చూశాను, ఒక టోకెన్ ఉంది. రోజువారీ రిపోర్ట్ పంపే స్క్రిప్ట్‌ది. చదవడమే దాని పని, ఎందుకో అడ్మిన్ రోల్ ఇచ్చి ఉంది. ఇచ్చింది నేనే. వ్యూయర్ చేశాను, రిపోర్ట్ ఇంకా వస్తోంది.

ఇప్పటికి ఇదీ పరిస్థితి. 31 రూల్స్‌కూ site లేబుల్ పెట్టి, పాలసీ మార్చి, ఆ తర్వాతే కొత్త ఫోల్డర్‌లోకి తెచ్చాను. ఒక్కో కోల్డ్ స్టోరేజీకి ఒక రూల్ త్రెషోల్డ్ దించి మోగించి చూశా, ఆరూ వచ్చాయి. 13 మంది వ్యూయర్లు అయ్యారు, డాష్‌బోర్డుల ఫోల్డర్ మీద వాళ్ల టీమ్‌కు Edit ఉంది. ఒక టెస్ట్ యూజర్‌తో లాగిన్ అయి చూశాను. డాష్‌బోర్డు సేవ్ అవుతోంది, రూల్స్‌లో ఎడిట్ బటన్ లేదు, కాంటాక్ట్ పాయింట్లు చూడడానికే. నేను అడ్మిన్. రాత్రి షిఫ్ట్‌కు ఒక ఎడిటర్. 8 గంటలు పెట్టినతనికే ఆ ఎడిటర్ ఇచ్చాను.

కాజీపేట_జంక్షన్

అతనికేనా?!

కోల్డ్‌రూమ్_కాపలా

డీఫ్రాస్ట్ ఎప్పుడు నడుస్తుందో ఆఫీసులో తెలిసింది అతనొక్కడికే.

కాంటాక్ట్ పాయింట్ ఫైల్‌లో ఇంకా పెట్టలేదు. @పాత_సర్వర్ సార్, టెలిగ్రామ్ బాట్ టోకెన్ ఫైల్‌లో నేరుగా రాయాలా, దాచిపెట్టే దారి ఏమైనా ఉందా?

పాత_సర్వర్

ఫైల్‌లో $TELEGRAM_TOKEN అని రాసి, విలువ సర్వర్ ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టు. సర్వీస్ రీస్టార్ట్ చేయడం మరువకు. రాత్రి చేయకు, పగటిపూట చేయి.